వార్త పొక్కకుండా, కంగారు పుట్టకుండా సిబ్బందిని ముఖ్యమైన సమావేశానికి ఎలా పిలవాలి?

కంపెనీ చేతులు మారుతోందనో, ఆఫీసు తరలిపోతోందనో సిబ్బందికి చెప్పాల్సి వస్తే యాజమాన్యాలు ప్రసంగం మీద వారాల తరబడి కూర్చుంటాయి. పిలుపు దగ్గరికొచ్చేసరికి మాత్రం "అర్జెంట్ మీటింగ్, అందరూ తప్పనిసరిగా రావాలి" అని ఒక వాట్సాప్ మెసేజ్ పడేస్తాయి. అది చదివిన మనిషి ఆ క్షణం నుంచే తన ఉద్యోగం గురించి ఆలోచించడం మొదలుపెడతాడు. ఆ తర్వాత వేదిక మీద ఎంత బాగా మాట్లాడినా సగం మంది చెవికెక్కదు.

విశాఖలోని ఒక మాదిరి కంపెనీని తీసుకుందాం. సిరిపురంలో ఆఫీసు, అందులో 40 మంది. గాజువాక ఆటోనగర్‌లో యూనిట్, అక్కడ మూడు షిఫ్టుల్లో 120 మంది. హైదరాబాద్‌కి చెందిన ఒక పెద్ద సంస్థ దీన్ని కొనేసింది. సంతకాలు అయిపోయాయి. ఎవరి ఉద్యోగమూ పోదు, కానీ ఎండీ మారతారు. ఈ మాట బుధవారం చెప్పాలి.

ముందుగా: ఎవరికి తెలుసు

విషయం తెలిసిన వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. ఆ పట్టికలో లేని వాళ్లెవరికీ సమావేశం రోజు వరకు చెప్పకండి. షిఫ్ట్ ఇన్‌ఛార్జిలకు, సూపర్‌వైజర్లకు మాత్రం గంట ముందు చెప్పాలి. అంతకంటే ముందు చెబితే మోయలేని బరువు పెట్టినట్టు అవుతుంది. చెప్పకుండా వదిలేస్తే తమ కింద పనిచేసే వాళ్ల ముందు చిన్నబోతారు.

కంపెనీ స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయి ఉంటే ముందుగా స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలియజేయాలి, ఆ తర్వాతే సిబ్బందికి. ఈ వరుస తప్పితే సెబీ ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనలు మెడకు చుట్టుకుంటాయి. అలాంటప్పుడు సమయం నిర్ణయించాల్సింది హెచ్‌ఆర్ కాదు, కంపెనీ సెక్రటరీ.

రోజు, సమయం

మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒకటి. శుక్రవారం, శనివారం వద్దు. విన్నవాళ్లకు మర్నాడు వచ్చి అడగడానికి మనిషి దొరకాలి.

పిలుపుకీ సమావేశానికీ మధ్య ఒక రాత్రి రాకూడదు. ఇది సడలించకూడని నియమం. సాయంత్రం పిలుపు అందుకున్న మనిషి రాత్రంతా ఇంట్లో భార్యతోనో, భర్తతోనో అదే మాట్లాడతాడు. పదింటికల్లా బావమరిదికి ఫోన్ వెళ్తుంది. తెల్లారేసరికి ఊహే వార్తగా మారి ఉంటుంది.

కానీ షిఫ్టులున్న చోట ఉదయం పిలిచి ఉదయమే కూర్చోబెట్టడం కుదరదు. మన కంపెనీలో ఏ షిఫ్ట్ 6 నుంచి 2, బి షిఫ్ట్ 2 నుంచి 10, సి షిఫ్ట్ రాత్రి 10 నుంచి ఉదయం 6. అందుకని సమావేశం మధ్యాహ్నం 2:15కి పెట్టండి. ఏ షిఫ్ట్ దిగుతుంది, బి షిఫ్ట్ ఎక్కుతుంది, ఇద్దరూ అక్కడే ఉంటారు. పిలుపు ఉదయం 5:45కి వెళ్లాలి. సి షిఫ్ట్ వాళ్లు ఇంటికి బయల్దేరే ముందు, ఏ షిఫ్ట్ వాళ్లు గేటు దాటేటప్పుడు ఒకే కాగితం చూస్తారు. అప్పటికి సమావేశానికి ఎనిమిదిన్నర గంటలే ఉంటుంది.

రాత్రంతా పనిచేసిన సి షిఫ్ట్‌ని మధ్యాహ్నం రమ్మనాలంటే బస్సు పెట్టాలి, వచ్చిన సమయానికి ఓటీ కట్టాలి. రాలేని వాళ్లకు, వీక్లీ ఆఫ్‌లో ఉన్న వాళ్లకు ఫోన్‌లో వినే లింక్ ఇవ్వాలి. "మీకు రాత్రి విడిగా చెబుతాం" అనకండి. రాత్రికి వాళ్లకు అన్నీ తెలిసిపోయి ఉంటాయి, అదీ తప్పుగా. కంప్రెసర్ దగ్గర నుంచి కదలలేని వాళ్లు ఉంటే వాళ్ల సూపర్‌వైజర్ సరిగ్గా 2:15కే పక్కన నిలబడి చెప్పాలి.

చోటు

యూనిట్ క్యాంటీన్ చాలు. సిరిపురం ఆఫీసు వాళ్లు వీడియోలో కలుస్తారు. బయట హాల్ బుక్ చేయడం ఈ పనికి పనికిరాదు. హోటల్ లాబీలో కంపెనీ పేరుతో బోర్డు పెడతారు, సౌండ్ సిస్టమ్ కుర్రాడు ముందురోజే ఫోన్ చేస్తాడు. స్టాఫ్ బస్సు ఆలస్యంగా బయల్దేరాలన్న సంగతి కాంట్రాక్టర్‌కి కూడా బుధవారం ఉదయమే చెప్పండి. గాజువాక రూట్ బస్సులో మంగళవారం సాయంత్రం ఆ మాట పడిందంటే దాచడానికి ఇంకేం మిగలదు.

పిలుపులో ఏం రాయాలి

ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి ఇక్కడ తొందరపడకండి.

గాజువాక వైపు చెవులు ఈ విషయంలో మరీ చురుగ్గా ఉంటాయి. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ స్టీల్ ప్లాంట్‌లో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి, "యాజమాన్యం ముఖ్యమైన సమావేశం" అంటే అక్కడి మనిషికి మొదట తట్టేది అమ్మకమే. మీరు రాసే ప్రతి మాటనూ ఆ చెవులతో ఒకసారి విని చూడండి.

"అత్యవసరం", "ముఖ్యమైన", "తప్పనిసరి", "రహస్యం" అనే నాలుగు మాటలూ తీసేయండి. "తప్పనిసరి" అనే బదులు "ఆ సమయానికి అందరికీ పని నుంచి వీలు ఇచ్చాం" అని రాస్తే అంతే మంది వస్తారు.

"కంగారు పడకండి" అని రాయకండి. అది చదివేదాకా కంగారు లేని మనిషికి కూడా అప్పుడు మొదలవుతుంది. "ఉద్యోగాలకు ఢోకా లేదు" అనేది ఇంకా ప్రమాదం. ఇవాళ అది నిజమే కావచ్చు. కానీ ఒకసారి రాశాక, మరుసటి పిలుపులో ఆ వాక్యం లేకపోతే అది లేకపోవడమే వార్త అవుతుంది. పైగా ఏదో పెద్ద మార్పు ఉందని మీరే ఒప్పుకున్నట్టు. "ఒక శుభవార్త" కూడా వద్దు. ఎండీ మారడం అందరికీ శుభవార్త కాదు, బోనస్ అనుకుని వచ్చినవాడు ఉత్త చేతులతో వెళ్తాడు.

వేషం మార్చి పిలవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. "నెలవారీ సేఫ్టీ మీటింగ్" అని పిలిచి కంపెనీ అమ్మేశామని చెబితే ఆరోజుకి పని జరిగిపోతుంది. ఆ తర్వాత నిజంగా సేఫ్టీ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ జనం గుండె చిక్కబట్టుకుని వస్తారు.

మరి ఏం రాయాలి? పిలుపు సమావేశం గురించి చెప్పాలి, వార్త గురించి కాదు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు, ఎవరు మాట్లాడతారు, అడగొచ్చా లేదా. వీటితో పాటు, ముందుగా ఎందుకు చెప్పడం లేదో ఒక వాక్యంలో నిజం చెప్పాలి. ఏదో దాస్తున్నారని జనానికి ఎలాగూ తెలుస్తుంది. ఎందుకు దాస్తున్నారో తెలియకపోతేనే అనుమానం. అందరూ ఒకేసారి వినాలని ఆపామంటే అది ఒప్పుకోదగ్గ కారణం, అబద్ధమూ కాదు.

మన కంపెనీ పిలుపు ఇలా ఉండాలి:

> బుధవారం మధ్యాహ్నం 2:15 – అందరితో సమావేశం
>
> ఈరోజు మధ్యాహ్నం 2:15కి యూనిట్ క్యాంటీన్‌లో కలుద్దాం. సిరిపురం ఆఫీసు వాళ్లు వీడియోలో కలుస్తారు. కంపెనీకి సంబంధించిన ఒక విషయం ఎండీ గారు స్వయంగా చెబుతారు. ఏ షిఫ్టులో ఉన్నా, ఏ ఆఫీసులో ఉన్నా అందరూ ఒకేసారి వినాలని వివరాలు ఇక్కడ రాయడం లేదు.
>
> 40 నిమిషాలు పడుతుంది. అందులో సగం మీ ప్రశ్నలకే. ఏ షిఫ్ట్ బస్సులు 3:15కి బయల్దేరతాయి. సి షిఫ్ట్ వాళ్లకు 1:15కి బస్సు ఉంటుంది, వచ్చిన సమయానికి ఓటీ ఇస్తాం. రాలేని వాళ్లు కింది లింక్‌లో వినవచ్చు.

కింద ఎండీ పేరు ఉండాలి, హెచ్‌ఆర్ పేరు కాదు. హెచ్‌ఆర్ సంతకం చూడగానే జనం లెటర్లు ఇస్తారనే అనుకుంటారు. బస్సు, ఓటీ లాంటి మామూలు వివరాలు కావాలనే అక్కడ ఉన్నాయి. బస్సు టైము కూడా ఆలోచించి పెట్టారంటే మధ్యాహ్నం తర్వాత కూడా పని మామూలుగానే నడుస్తుందని అర్థమవుతుంది.

క్యాలెండర్‌లో పెట్టేటప్పుడు

ఔట్‌లుక్‌లో Response Options కింద Hide attendee list పెట్టి, Allow forwarding తీసేయండి. గూగుల్ క్యాలెండర్‌లో అయితే Invite others, See guest list రెండూ తీసేయాలి. లేకపోతే జాబితాలో బయటి లాయర్ పేరో, కొన్న సంస్థ ఈమెయిలో కనిపించి గుట్టు రట్టవుతుంది. అసలు వాళ్లను ఈ పిలుపులో పెట్టనే వద్దు, విడిగా పిలవండి. స్లైడ్ల ఫైలు కూడా జత చేయకండి, ఫైలు పేరు ఒక్కటి చాలు.

సమావేశం ముందు పెట్టుకునే రిహార్సల్‌కి కూడా ఇదే జాగ్రత్త. ఎండీ క్యాలెండర్ తెరిచి చూడగలిగేవాళ్లు ఆఫీసులో చాలామందే ఉంటారు. దాన్ని Private అని గుర్తుపెట్టండి.

ఈమెయిల్, నోటీసు బోర్డు, షిఫ్ట్ వాట్సాప్ గ్రూపులు మూడింటిలోనూ అదే పాఠం, అదే నిమిషంలో వెళ్లాలి. ఒక గ్రూపులో పొడుగ్గా, ఇంకో గ్రూపులో పొట్టిగా రాస్తే పది నిమిషాల్లో రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెట్టి తేడాలు వెతుకుతారు.

5:45 నుంచి 2:15 వరకు

అడిగేవాళ్లు అడుగుతారు. స్టోర్స్‌లో పనిచేసే అతను సూపర్‌వైజర్‌ని పట్టుకుని "ఏటి సార్, కంపెనీ అమ్మేస్తన్నారేటి?" అంటాడు. దానికి అందరి దగ్గరా ఒకే జవాబు ఉండాలి: "రెండుంపావుకి ఎండీ గారే చెబుతారు, అందరికీ ఒకేసారి. ముందు ఎవరు ఏం అడిగినా నేను ఏమీ చెప్పను." అమ్మకం గురించి అడిగినా, జీతాల గురించి అడిగినా, బదిలీల గురించి అడిగినా అదే మాట. జీతాల దగ్గర "ఛ, అదేం కాదు" అని, అమ్మకం దగ్గర మాట మింగితే మొత్తం చెప్పేసినట్టే. తెలిసిన మనిషి "నాకేం తెలీదు" అనకూడదు. మధ్యాహ్నానికి ఆ అబద్ధం బయటపడుతుంది.

సూపర్‌వైజర్లకు 1:15కి చెబుతారు కాబట్టి ఉదయమంతా వాళ్లకు నిజంగానే తెలియదు. వాళ్లకూ ఈ వాక్యమే ఇవ్వండి, గంట తర్వాత మాట మార్చాల్సిన అవసరం రాదు.

నిజంగానే కొందరి ఉద్యోగాలు పోతుంటే ఈ పద్ధతి సరిపోదు. వాళ్లకు ముందుగా, ఒక్కొక్కరికీ ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఉండేవాళ్లకు ఒక హాలు, వెళ్లేవాళ్లకు ఇంకో హాలు అని రెండు పిలుపులు పంపితే క్షణంలో తెలిసిపోతుంది. అది మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఇంత చేసినా ఉదయం పదకొండింటికి వార్త పొక్కిందనుకోండి, ఖండించకండి, 2:15 దాకా ఆగకండి. "సమావేశం 2:15 బదులు 11:45కి" అని అవే మూడు చోట్లా పెట్టి, యూనిట్‌లో ఉన్నవాళ్లను క్యాంటీన్‌కి, మిగతా అందరినీ లింక్‌లోకి పిలవండి. నిద్రలో ఉన్న సి షిఫ్ట్ వాళ్లకు సూపర్‌వైజర్లు ఫోన్ చేసి లేపాలి. 2:15కి అదే క్యాంటీన్‌లో బి షిఫ్ట్ కోసం ఎండీ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.