అంగుళాలు, సెంటీమీటర్లు: విదేశీ కొనుగోలుదారుకు కొలత తప్పకుండా లిస్టింగ్ రాయడం ఎలా?

నేను చెక్క పెట్టెలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతాను. ఒకసారి అమెరికాలోని కొనుగోలుదారు ఒకాయన, తన అరలో ఖాళీ సరిగ్గా 12¼ అంగుళాలు ఉందని, నా లిస్టింగ్‌లోనూ అదే పొడవు కనిపించిందని పెట్టె తెప్పించుకున్నారు. అది అరలో పట్టలేదు. అసలు పొడవు 31.2 సెంటీమీటర్లు. 12¼ అంగుళాలంటే 31.115 మాత్రమే. ఒక్క మిల్లీమీటరు కూడా లేని ఆ తేడాకు, పెట్టె తిరిగి రావడానికి అయిన ఖర్చు నేనే భరించాను. లెక్కలో తప్పు లేదు. దగ్గరి భిన్నానికి సర్దడంలోనే తప్పు జరిగింది. ఆ పెట్టె కొలతలతోనే పద్ధతి చెబుతాను.

ముందుగా ఒకే ప్రమాణంలో కొలవండి. నేను సెంటీమీటర్లలో, మిల్లీమీటరు దాకా కొలుస్తాను. కొలతను కాగితం మీద రాసుకుంటాను. అంగుళాలను టేపు రెండో వైపు చూసి రాయకండి. దర్జీ టేపుల్లో కొన్నింటికి ఒక వైపు అంకెలు ఈ చివర నుంచి, మరో వైపు ఆ చివర నుంచి మొదలవుతాయి. పైగా రెండుసార్లు చదివితే రెండు వేర్వేరు పొరపాట్లకు తావిచ్చినట్టే. ఉక్కు టేపు చివరి కొక్కెం కాస్త వదులుగా కదులుతుంటే దాన్ని బిగించకండి. బయటి నుంచి లాగి కొలిచినా, లోపలి గోడకు ఆనించి కొలిచినా కొక్కెం మందం లెక్కలోకి రాకుండా దాన్ని అలాగే చేస్తారు.

నా పెట్టె బయటి కొలతలు: పొడవు 31.2, వెడల్పు 20.6, ఎత్తు 11.4 సెంటీమీటర్లు. లోపల 28.4, 17.8, లోతు 9. గోడల మందం పోతే మిగిలే చోటు ఇంతే. ఈ రెండు వరుసలూ విడిగా ఇవ్వకపోతే కొనేవారు బయటి కొలతనే లోపలి కొలత అనుకుని, 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న పుస్తకం పడుతుందని సంతోషపడతారు. లోపలి పొడవు 28.4 సెంటీమీటర్లే. ఈ పెట్టెలో అది పడుకోదు.

ఇప్పుడు మార్పిడి. సెంటీమీటర్లను 2.54తో భాగిస్తే అంగుళాలు వస్తాయి. 1959 నుంచి అంగుళమంటే కచ్చితంగా 2.54 సెంటీమీటర్లే. అమెరికా, బ్రిటన్‌తో పాటు మరికొన్ని దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందం అది. కొందరు నోటిలెక్క కోసం 2.5తో సరిపెట్టుకుంటారు. చిన్న వస్తువులో అది పెద్దగా కనిపించదు. కానీ 150 సెంటీమీటర్ల తెరను అలా మారిస్తే 60 అంగుళాలని వస్తుంది. అసలు విలువ 59.06. కిటికీ కింద దాదాపు అంగుళం వెలుతురు కనిపిస్తుంది.

31.2ను 2.54తో భాగిస్తే 12.283. అమెరికాలో వాడే టేపు మీద ఎనిమిదో వంతులు, పదహారో వంతులు ఉంటాయి కాబట్టి 0.283ను ఎనిమిదితో గుణించండి. 2.26 వస్తుంది, అంటే రెండుకూ మూడుకూ మధ్య. అలవాటుగా దగ్గరిది చూసి రెండు ఎనిమిదో వంతులు, అంటే పావు అని రాసి నేను దెబ్బతిన్నాను. బయటి కొలతను ఎప్పుడూ పైకే సర్దాలి. ఇక్కడ 12, మూడు ఎనిమిదో వంతులు రాయాలి. అరలో పడుతుందా లేదా అని చూసేవారికి, వస్తువు చెప్పిన దానికన్నా కాస్త చిన్నదైతే నష్టం లేదు.

లోపలి కొలతకు ఇది తలకిందులు. 28.4ను భాగిస్తే 11.181. 0.181ను ఎనిమిదితో గుణిస్తే 1.45. ఇక్కడ కిందికి దించి 11, ఒక ఎనిమిదో వంతు అనాలి. చెప్పిన దానికన్నా చోటు కాస్త ఎక్కువే ఉంటే ఎవరూ ఫిర్యాదు చేయరు. రాశాక వెనక్కి గుణించి చూడండి. 12.375ను 2.54తో గుణిస్తే 31.43. బయటి కొలత వెనక్కి గుణిస్తే అసలు దానికన్నా తగ్గకూడదు, లోపలిది పెరగకూడదు. ఈ చిన్న పరీక్షలో నిలిచిన లిస్టింగ్‌లోని అంకెలను నిశ్చింతగా వదిలేయవచ్చు.

అద్దం పలక, విడి మూత లాంటివి వేరు. అవి కాస్త పెద్దవైనా పట్టవు, కాస్త చిన్నవైనా జారిపోతాయి. ఎనిమిదో వంతు అంగుళమంటే మూడు మిల్లీమీటర్ల పైమాటే కాబట్టి వీటికి ఆ సర్దుబాటు పనికిరాదు. మిల్లీమీటర్లే అసలు కొలతగా ఇచ్చి, అంగుళాలు సుమారుగా ఇచ్చినవని అక్కడే రాసేయండి.

లెక్క సరిగ్గా ఉన్నా రాతలో చెడిపోతుంది. నా అనుభవంలో ఎక్కువగా చెడేది ఇక్కడే. అంగుళానికి వాడే రెండు గీతల గుర్తును కొన్ని ఫారాలు మింగేస్తాయి, అప్పుడు మిగిలేది ఉత్త అంకె. అందుకే `in`, `cm` అనే అక్షరాలు రాయండి. భిన్నంతో ఇంకో చిక్కు ఉంది. `12 3/8` లోని ఖాళీ పోతే అది `123/8` అవుతుంది, అంటే పదిహేను అంగుళాల పైన! మధ్యలో చిన్న గీత పెడితే ఆ ప్రమాదం ఉండదు. కొలతల వరుస కూడా ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. చిత్రాలకు ఎత్తు ముందు రాసే అలవాటుంది, కలప సామానుకు వెడల్పు ముందు రాసేవారున్నారు. కాబట్టి ప్రతి అంకె పక్కనే అది ఏమిటో చెప్పండి.

```
Outside: 31.2 cm L x 20.6 cm W x 11.4 cm H
Outside: 12-3/8 in L x 8-1/8 in W x 4-1/2 in H
Inside: 28.4 cm L x 17.8 cm W x 9 cm H
Inside: 11-1/8 in L x 7 in W x 3-1/2 in H
Measured in cm
```

చివరి వరుస అనవసరం అనిపించవచ్చు. కానీ మీ రెండు అంకెలూ కాలిక్యులేటర్‌లో సరిగ్గా కలవడం లేదని ఎవరైనా అడిగితే, ఏది అసలు కొలతో, ఏది సర్దినదో అదే చెబుతుంది.

కొన్ని ఫారాల్లో భిన్నం రాయనివ్వరు, దశాంశం మాత్రమే తీసుకుంటారు. అప్పుడు 12, మూడు ఎనిమిదో వంతులను మళ్లీ దశాంశంగా మార్చకండి. ఒకసారి సర్దిన దాన్ని రెండోసారి సర్దితే తేడా పెరుగుతుంది. కాగితం మీది 31.2కే వెనక్కి వెళ్లి, 12.283ను పైకి సర్ది 12.3 అని రాయండి. లోపలిది 11.181 కాబట్టి 11.1.

జర్మనీ, ఫ్రాన్స్ లాంటి దేశాల్లో దశాంశానికి కామా వాడతారు. 31.2 అని చూస్తే వాళ్లకు అర్థమవుతుంది, దానికి కంగారు లేదు. పెద్ద అంకెతోనే చిక్కు. వెయ్యిన్నూట యాభై మిల్లీమీటర్లను `1,150 mm` అని రాస్తే, అక్కడివారు దాన్ని ఒకటింబావు మిల్లీమీటరు కన్నా తక్కువగా చదివే వీలుంది. కామా లేకుండా `1150 mm` అనో, `115 cm` అనో రాయండి.