ఆడిట్ ఫీల్డ్‌వర్క్ చివరి రోజు పెట్టీ క్యాష్‌లో తేడా వస్తే ఏం చేయాలి?

మొదటి రోజే లెక్కపెట్టాల్సిన పెట్టీ క్యాష్‌ని ఆర్టికల్స్, అంటే మా దగ్గర పని నేర్చుకునే సీఏ ట్రైనీలు, చివరి రోజు సాయంత్రానికి నెట్టేస్తారు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. సరే, అయిపోయింది, ఇప్పుడేం చేయాలో చూద్దాం.

కావలసినవి ఒక కాగితం, ఒక పెన్ను. పెన్సిల్ వద్దు, నా దగ్గర పెన్సిల్ షీట్లు చెల్లవు. క్యాషియర్ ఎదురుగానే లెక్కపెట్టాలి. పెట్టెలు ఎన్ని ఉంటే అన్నీ ఒకేసారి టేబుల్ మీదకి రావాలి, లేదంటే ఇక్కడి నోట్లే అక్కడ మళ్లీ కనిపిస్తాయి. ఇంప్రెస్ట్ పద్ధతి అయితే, అంటే పెట్టెకి ఒక స్థిరమైన మొత్తం పెట్టుకుని ఖర్చైనంత మళ్లీ నింపే పద్ధతి అయితే, నగదు, వోచర్లు కలిపితే ఇంప్రెస్ట్ మొత్తం రావాలి, అంతే.

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో మా జూనియర్‌కి రాలేదు. ఇంప్రెస్ట్ 25,000. వోచర్లు 13,360 పోను 11,640 ఉండాలి, చేతిలో ఉన్నది 9,840. తక్కువ 1,800. సాయంత్రం నాలుగైంది, ఆరింటికి బస్సు.

అసలు చిక్కు ఇక్కడే. తేడా అనగానే క్యాషియర్ గారు కంగారుపడి జేబులోంచి 1,800 తీసి, "నేనే పెట్టేస్తానమ్మా, సరిపోయిందని రాసేయండి" అన్నారు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఆ డబ్బు ముట్టుకోకూడదు. ముందు షీట్ మీద నోట్లవారీగా 9,840 అనే రాసి, టైమ్ వేసి, ఆయన సంతకం తీసుకోవాలి. కారణం వెతకడం ఆ తర్వాతే. సంతకం కాకుండా వెతకడం మొదలుపెడితే మధ్యలో పెట్టెలోకి ఏం చేరిందో, ఏం పోయిందో ఎవరూ చెప్పలేరు. మొత్తం చిన్నదని సీనియర్‌కి చెప్పకుండా వదిలేయడం ఇంకో తప్పు. ఆ అమ్మాయి డబ్బు తీసుకోలేదు, సంతకం చేయించుకుని నాకు ఫోన్ చేసింది.

తేడాని 9తో భాగించి చూడమన్నాను. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చు. ఉండొచ్చు అంతే, రుజువు కాదు, దొంగతనం కూడా 1,800 కావచ్చు. కొందరు వోచర్ల కూడిక మళ్లీ మళ్లీ వేస్తారు, నాకది నచ్చదు, పైకాగితమే తప్పైతే వందసార్లు కూడినా అదే వస్తుంది. పిన్ను తీసి వెనకున్న బిల్లు చూడాలి.

పదిహేడో వోచర్, హమాలీ కూలి. పైన 1,300. వెనక మేస్త్రీ సంతకం చేసిన చీటీలో 3,100. అయినా చీటీ ఒక్కదాన్నే నమ్మకూడదు కాబట్టి గేటు రిజిస్టర్‌లో ఆ రోజు దింపిన బస్తాలు చూసి, కూలి రేటుతో లెక్కేస్తే 3,100 వచ్చింది.

అప్పుడు ఆ 1,800 తీసుకుని ఉంటే పెట్టెలో అంతా ఎక్కువ తేలేది, క్యాషియర్ గారి జేబుకి చిల్లు పడేది. వోచర్ సరిచేయించి, తేడా, కారణం రెండూ వర్కింగ్ పేపర్లో రాసింది. ఆరింటి బస్సు మాత్రం పోయింది.