నిఫ్టీ పడ్డాక అమ్మేసి, లేచాక చూస్తూ కూర్చుంటున్నారా? వోలటిలిటీ టార్గెటింగ్‌లో సమస్య - పరిష్కారం

మాదాపూర్‌లో మా ఆఫీసులో నలుగురం ఈ పద్ధతి ఫాలో అవుతాం, నలుగురికీ ఒకే రకం ఇబ్బందులు వచ్చాయి. అందుకే ఏం కనిపిస్తే కారణం ఏమై ఉంటుందో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో ఒక దగ్గర రాస్తున్నా.

ముందు పద్ధతి ఏంటో రెండు ముక్కల్లో. పోర్ట్‌ఫోలియో సంవత్సరానికి 12 శాతం ఊగితే చాలు అని ఒక టార్గెట్ పెట్టుకుంటాం. మార్కెట్ ఇప్పుడు ఎంత ఊగుతోందో, అంటే దాని వోలటిలిటీ ఎంతో, రోజువారీ రిటర్న్స్‌తో లెక్కేసి, దాన్ని ఏడాదిలోని ట్రేడింగ్ రోజులు 252కి వర్గమూలంతో, అంటే దాదాపు 15.9తో గుణిస్తే సంవత్సరం లెక్కలోకి వస్తుంది. టార్గెట్‌ని దాంతో భాగిస్తే నిఫ్టీ ఈటీఎఫ్‌లో ఎంత శాతం పెట్టాలో వచ్చేస్తుంది, దాన్నే వెయిట్ అంటాం, మిగతాది లిక్విడ్ ఫండ్‌లో. మార్కెట్ 16 శాతం ఊగుతుంటే 75 శాతం పెడతాం, 24కి పోతే 50కి తగ్గిస్తాం. అంతే.

కనిపించేది: పాత డేటా మీద నడిపి చూసిన బ్యాక్‌టెస్ట్ అద్భుతం, అసలు అకౌంట్‌లో మాత్రం అంత బాగోలేదు

దీనికి దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం, ఈరోజు రిటర్న్ కలిపి లెక్కేసిన వోలటిలిటీతో ఈరోజు వెయిటే పెట్టేయడం. పెద్దగా పడిన రోజు వెయిట్ ఆరోజే తగ్గిపోయి కనిపిస్తుంది, నిజానికి పడ్డాకే కదా మనకి తెలిసేది. చెక్ చేయడం తేలిక, 2020 మార్చి 23 వరస తెరవండి, నిఫ్టీ ఆరోజు దాదాపు 13 శాతం పడింది. ఆరోజు వెయిట్ ముందు రోజు ట్రేడింగ్ వరకు ఉన్న డేటాతో వచ్చిందా లేదా చూడండి. చివర్లో `shift(1)`, అంటే నిన్నటి లెక్కని ఈరోజుకి వాడే ముక్క, లేకపోతే దొంగ దొరికినట్టే. కింద కోడ్‌లో `px` అంటే నిఫ్టీ రోజువారీ ముగింపు ధరలు.

```python
r = px.pct_change()
vol = ((r**2).ewm(alpha=0.06).mean() * 252) ** 0.5
w = (0.12 / vol).clip(upper=1.0).shift(1)
```

ఆ `clip` కూడా తీసేయకండి. మార్కెట్ 9 శాతమే ఊగుతున్నప్పుడు ఫార్ములా 133 శాతం పెట్టమంటుంది, అంటే అప్పు చేసి కొనమని. అంత ప్రశాంతత తర్వాత వచ్చే మొదటి దెబ్బ తగిలేది ఆ పెద్ద పొజిషన్‌కే.

కనిపించేది: పడ్డాక అమ్మించింది, లేచేటప్పుడు ఖాళీ చేతులతో ఉంచింది, నెల తర్వాత ఉన్నట్టుండి కొనమంది

అసలు ఈ పోస్ట్ దీని కోసమే. 2024 జూన్ 4, ఎన్నికల ఫలితాల రోజు. మా ఫ్లోర్‌లో సగం మంది ఆంధ్ర అసెంబ్లీ రిజల్ట్స్ పెట్టుకుని కూర్చున్నారు, నేను నిఫ్టీ చార్ట్ ముందు. అప్పట్లో నా షీట్ 20 రోజుల మామూలు స్టాండర్డ్ డీవియేషన్‌తో నడిచేది, మధ్యాహ్నం మూడుంబావుకి లెక్క చూసి మార్కెట్ మూసేలోపు ఆర్డర్ పెట్టేసేవాణ్ణి. మొత్తం 20 లక్షలు. కింద జూన్ 3 నుంచి 7 వరకు నిఫ్టీ అసలు రిటర్న్స్ వాడాను, మిగతా రోజులన్నీ 0.8 శాతం ఊగాయని రౌండ్ చేశాను, మీరే కాలిక్యులేటర్‌లో కొట్టి చూసుకోవచ్చు.

మే చివర్లో వోలటిలిటీ 12.7, వెయిట్ 94 శాతం. జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ చూసి నిఫ్టీ 3.25 శాతం ఎగిరింది. పెరిగినా ఊపు ఊపే, ఫార్ములాకి పైకా కిందికా అని తేడా లేదు, వెయిట్ 71కి దిగింది. మర్నాడు 5.93 శాతం పడింది. 14 లక్షల పైచిలుకు ఈటీఎఫ్ మీద దాదాపు 84 వేలు పోయాయి, ఆరోజు లెక్కలో వోలటిలిటీ 27, వెయిట్ 45. అమ్మేశాను. 5న 3.36, 6న 0.89, 7న 2.05 శాతం పెరిగి నిఫ్టీ జూన్ 3 ముగింపుని దాటేసింది. మార్కెట్ నాలుగు రోజుల్లో బయల్దేరిన చోటికి వచ్చేసింది, నాకు మాత్రం 45, 41 శాతం వెయిట్‌తో తిరిగొచ్చింది 52 వేలు. మిగతా 32 వేలు రాలేదు.

ఇంకోటి జూలై 3న. ఆరోజు మార్కెట్లో పెద్ద కదలికేమీ లేదు, కానీ వెయిట్ ఒక్క రోజులో 43 నుంచి 65కి దూకింది. మొదట డేటా తప్పేమో అనుకున్నా. చూస్తే జూన్ 4 రోజు 20 రోజుల కిటికీలోంచి బయటికి పోయింది, అదీ సంగతి.

కారణాలు రెండు, కలిపేయకండి, మందులు వేరు.

జూలై దూకుడికి కారణం కిటికీ. మామూలు 20 రోజుల లెక్కలో నిన్నటి రోజుకీ 20 రోజుల కిందటి రోజుకీ ఒకే బరువు, 21వ రోజు సున్నా. పెద్ద రోజు వచ్చినప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి కుదుపుతుంది. మీ షీట్‌లో ఈ జబ్బు ఉందో లేదో తెలియాలంటే వెయిట్ ఎక్కువ మారిన రోజులు ఓ పది తీసి, ఒక్కోదానికి సరిగ్గా 20 ట్రేడింగ్ రోజుల వెనక్కి వెళ్ళి అక్కడ పెద్ద కదలిక ఉందా చూడండి. ఉంటే కిటికీదే తప్పు. దీనికి మందు పైన కోడ్‌లో ఉన్నదే, కొత్త రోజుకి 6 శాతం బరువు, పాత మొత్తానికి 94 శాతం, రోజురోజుకీ కొంచెం కొంచెంగా మర్చిపోవడం. అదే జూన్‌ని దీనితో నడిపితే 7వ తారీఖుకి వెయిట్ 40, పది రోజుల తర్వాత 50, ఇరవై రోజులకి 62, మెట్లెక్కినట్టు వస్తుంది, దూకుడు లేదు.

కానీ గమనించండి, అడుగున అమ్మించడం దీంతో పోలేదు, జూన్ 4న ఇది కూడా 42కి దించేసింది. ఎందుకంటే ఆ సమస్య కిటికీది కాదు, ఆ ఊపు ఏ రకందో తెలియకపోవడం. వోలటిలిటీ టార్గెటింగ్ మొత్తం ఒక్క నమ్మకం మీద నిలబడింది, ఊపు వచ్చిందంటే కొన్నాళ్ళు ఉంటుంది అని. 2020 మార్చిలో అదే జరిగింది, 9న దాదాపు 5 శాతం, 12న 8 శాతం పైన, అలా దెబ్బ మీద దెబ్బ తగిలాక 23న 13 శాతం వచ్చింది, అప్పటికే ఫార్ములా వెయిట్‌ని 20 దగ్గరికి దించేసి ఉంటుంది కాబట్టి పోర్ట్‌ఫోలియోకి తగిలేది 2.6 శాతమే. 2024 జూన్‌లో అలా కాదు, ఊపంతా ఒక్క తారీఖు చుట్టూనే, ఫలితం తేలాక ఊగడానికి కారణమే లేదు. ఫార్ములాకి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అందుకే ఇప్పుడు నేను చేసేది, పైన కోడ్ ఇచ్చే వోలటిలిటీలో సగం, నిఫ్టీ చాలా ఏళ్ళ సగటు అని నేను పెట్టుకున్న 16 శాతంలో సగం, రెండూ కలిపి టార్గెట్‌ని దాంతో భాగించడం. దాని పైన ఒక రూల్, ఉండాల్సిన వెయిట్‌కీ చేతిలో ఉన్న వెయిట్‌కీ 10 పాయింట్లకి మించి తేడా వస్తేనే ఆర్డర్, లేకపోతే షీట్ మూసెయ్యడం. అదే జూన్‌లో ఇది 84తో మొదలై 71కి, 54కి దిగి, నెలాఖరుకి 64 దగ్గరికి ఎక్కేది, మొత్తం మూడే ఆర్డర్లు.

ఊరికే రాదు ఇది, ఖరీదు ఉంది, దాచి చెప్పడం నాకిష్టం లేదు. 2020 మార్చి 23కి ఇదే కలిపిన లెక్క వెయిట్‌ని 32 వరకే దించేది, 2.6 బదులు 4.2 శాతం పోయేది. ఒక రోజు మంటకి ఉలిక్కిపడకుండా ఉండాలంటే నిజంగా ఇల్లు కాలేటప్పుడు కాస్త లేటుగా పరిగెత్తుతాం. నాకు ఈ బేరం ఓకే, ఎందుకంటే నాది ఈటీఎఫ్, ఏడాదిలోపు కొన్నది లాభంతో అమ్మితే 2024 జూలై 23 నుంచి 20 శాతం టాక్స్. డీమ్యాట్‌లో పాత యూనిట్లే ముందు అమ్ముడైనట్టు లెక్క కాబట్టి అప్పుడప్పుడు అమ్మేవాళ్ళకి చాలావరకు 12.5 శాతం లాంగ్ టర్మ్‌లో పడుతుంది, ఊరికే అటూ ఇటూ తిప్పేవాళ్ళకి ఆ పాత స్టాక్ అయిపోతుంది. ఫ్యూచర్స్‌తో చేద్దాం అనుకునేవాళ్ళు, 2024 నవంబర్ నుంచి కొత్త కాంట్రాక్ట్ కనీస విలువే 15 లక్షలు, 20 లక్షల అకౌంట్‌లో 71 నుంచి 54కి దించడానికి అందులో చోటే లేదు, ఒక లాట్ ఉంటుంది లేదా ఉండదు.

కనిపించేది: షీట్ ప్రశాంతం అంటోంది, ఇండియా విక్స్ ఎక్కుతోంది

2024 మే నెలలో ఇదే అయింది, రోజువారీ కదలిక మామూలుగానే ఉంది కానీ విక్స్ ఎక్కుతూ ఎక్కుతూ 20 దాటింది. కారణం, మన లెక్క చూసేది జరిగిపోయిన రోజులని, విక్స్ వచ్చేది నిఫ్టీ ఆప్షన్ల ధరల్లోంచి, అంటే రాబోయే 30 రోజులకి జనం ఇన్సూరెన్స్ ఎంత పెట్టి కొంటున్నారన్నది. తారీఖు తెలిసిన ప్రమాదం ముందు కనిపించేది అక్కడే.

అలాగని విక్స్‌నే నేరుగా లెక్కలో పెట్టేయొద్దు. ఇన్సూరెన్స్ ధరలో అమ్మేవాడి లాభం కూడా ఉంటుంది కదా, మామూలు రోజుల్లో విక్స్ అసలు ఊపుకన్నా ఎక్కువే చూపిస్తుంది, నేరుగా వాడితే ఏడాదంతా తక్కువ వెయిట్‌తో కూర్చుంటారు. గత కొన్నేళ్ళలో మీ వోలటిలిటీ సగటుని విక్స్ సగటుతో భాగించి, ఆ నిష్పత్తితో విక్స్‌ని తగ్గించాకే పోల్చండి. నేను అలా తగ్గించిన విక్స్ నా లెక్కకన్నా మూడో వంతు పైన ఉంటే రెండిటి సగటు తీసుకుంటా. ఫలితాల తర్వాత రోజే విక్స్ గట్టిగా పడిపోయింది, కాబట్టి దాని వల్ల తగ్గిన వెయిట్ తిరిగి ఎక్కడానికి ఇరవై రోజులు ఆగాల్సిన పనిలేదు.

కనిపించేది: అన్నీ సరిచేశా, అయినా ఒక్క రోజులో 4 శాతం పోయింది

ఇది సమస్య కాదు. 12 శాతం టార్గెట్ అంటే మామూలు రోజుకి 0.76 శాతం ఊపు, జూన్ 4న 71 శాతం వెయిట్‌తో పోయింది 4.2. ముందు రోజు లెక్కతో పెట్టిన వెయిట్ మర్నాటి గ్యాప్‌ని ఆపలేదు, పాత మొత్తానికి 94 బదులు ఎంత బరువు పెట్టినా ఆపలేదు. ఆ ఒక్క రోజుకే భయం అయితే కొనాల్సింది పుట్ ఆప్షన్, దాని ప్రీమియం వేరే ఖర్చు. షీట్ సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలంటే ఒక్కో రోజు చూడకండి, పోర్ట్‌ఫోలియో రిటర్న్స్ మీద ఆరు నెలల వోలటిలిటీ గీత గీసి, అది 12కి అటూ ఇటూ, అంటే 9, 15 మధ్య తిరుగుతోందా చూడండి. ఎప్పుడూ 15 పైనే ఉంటే పైన చెప్పిన 252 గుణకం మళ్ళీ తెరిచి చూడండి. ఎప్పుడూ 9 కిందే ఉంటే విక్స్ నిష్పత్తి పెట్టడం మర్చిపోయి ఉంటారు, లేదా మార్కెట్టే నెమ్మదిగా ఉండి 100 శాతం క్యాప్ మిమ్మల్ని పట్టుకుని ఉంటుంది. క్యాప్ వల్ల అయితే దాన్ని అలాగే వదిలేయండి.