ప్రాక్టికల్స్‌కి ముందు: ఎర్రర్ కాలమ్‌ని కిందికి లాగేటప్పుడు జాగ్రత్త

తిరుపతి ఎండల్లో ప్రాక్టికల్స్ పడితే లఘులోలకం దగ్గరున్నంతసేపు ఫ్యాన్ ఆపమంటే పిల్లలకు కష్టమే. అయినా ఆపాల్సిందే, గాలికి గుండు పక్కకు తిరుగుతుంది. అంత ఓర్చుకుని తీసుకున్న రీడింగులు ఆనక షీట్‌లో పాడవుతుంటే నాకు బాధేస్తుంది.

ఒక షీట్ చూద్దాం. A2లో పొడవు 0.900 మీటర్లు, B2లో 20 డోలనాలకు పట్టిన కాలం 38.1 సెకన్లు. పొడవులో అనిశ్చితి 0.002 మీటర్లు E1లో, స్టాప్‌వాచ్ నొక్కడంలో వచ్చే 0.2 సెకన్లు E2లో ఉన్నాయి. C2లో గురుత్వ త్వరణం, D2లో దాని అనిశ్చితి:

```
C2: =4*PI()^2*A2/(B2/20)^2
D2: =C2*SQRT((E1/A2)^2+(2*E2/B2)^2)
```

C2లో 9.79, D2లో 0.105 వస్తాయి. ఇంతవరకూ సరే. D2ని కిందికి లాగగానే మొదలవుతుంది తంటా. D3లో E1 కాస్తా E2 అయిపోతుంది, అంటే పొడవు అనిశ్చితి ఉండాల్సిన చోట 0.2 వచ్చి కూర్చుంటుంది. పొడవు 0.800 అయితే జవాబు 2.45 దాకా పోతుంది. D4కి వచ్చేసరికి రెండు గడులూ ఖాళీ. ఖాళీని షీట్ సున్నాగా తీసుకుంటుంది కాబట్టి అనిశ్చితి 0 అని చూపిస్తుంది, తప్పని ఒక్క మాటా చెప్పదు. 2.45ని ఎవరైనా పట్టుకుంటారు. సున్నాని మాత్రం చాలామంది బాగా వచ్చిందనుకుని రికార్డులో ఎక్కించేస్తారు. అందుకే లాగకముందే డాలర్ గుర్తులు పెట్టండి:

```
D2: =C2*SQRT(($E$1/A2)^2+(2*$E$2/B2)^2)
```

ఆ 2ని కూడా మరవకండి. కాలం వర్గంలో ఉంది కదా, దాని సాపేక్ష అనిశ్చితి రెట్టింపవుతుంది. రెండు కాలాలు వేరువేరన్నట్టు మూలం కింద రెండుసార్లు కూడితే 0.076 మాత్రమే వస్తుంది. ఒకే రీడింగు రెండుచోట్లా ఒకేవైపు తప్పుతుంది, ఒకదాన్నొకటి సర్దుకోదు.

సూత్రం మీద అనుమానముంటే షీట్‌నే అడగండి. B2ని 38.3 చేస్తే C2 9.69కి, అంటే 0.102 మేర తగ్గుతుంది. దాన్ని వెనక్కి మార్చి A2ని 0.902 చేస్తే 0.022 పెరుగుతుంది. ఈ రెంటి వర్గాలు కూడి మూలం తీస్తే 0.104. D2కి దగ్గరగానే ఉంది కాబట్టి సూత్రం సరైనదే. ఏ ప్రయోగానికైనా ఈ పరీక్ష పనికొస్తుంది, అవకలనం రానక్కర్లేదు. పైగా ఇక్కడ పొడవుకంటే కాలమే ఎక్కువ చెడగొడుతోందని కూడా తెలిసిపోతుంది. 40 డోలనాలు లెక్కపెడితే ఆ భాగం సగానికి తగ్గుతుంది.

రికార్డులో 9.8 ± 0.1 అని రాయండి, గుండ్రం చేయడం అక్కడే, మధ్య గడుల్లో వద్దు. గుండు కేంద్రం దాకా కాకుండా కొక్కెం దాకానే కొలిచి 1 సెంటీమీటరు వదిలేస్తే జవాబు దాదాపు 0.11 తగ్గిపోతుంది. ఆ తప్పు D కాలమ్‌లో ఎక్కడా కనబడదు, స్కేలు పట్టుకుని మళ్లీ కొలిస్తేనే దొరుకుతుంది.