ఉన్ని, పట్టు బట్టల లేబుల్‌ని ఫొటోలో చదివి ఉతకడం

వేరే దేశంలో కొన్న స్వెటర్ లోపల కుట్టిన లేబుల్ మీద మాటలు అక్కడి భాషలో ఉంటాయి. ఫోన్‌లోని అనువాద యాప్ ఆ మాటల్ని మార్చి పెడుతుంది గానీ, పక్కనున్న బొమ్మలు బొమ్మలుగానే మిగిలిపోతాయి. ఉతకడానికి కావలసిన సంగతులు ఉండేది ఆ బొమ్మల్లోనే. నూలు చొక్కా అయితే ఒక గుర్తు తప్పు చదివినా పెద్దగా నష్టం ఉండదు. ఉన్ని, పట్టు అలా కావు. తొట్టి బొమ్మ కింద ఉన్న సన్నటి గీతను గమనించకపోయినా బట్ట పాడైపోవచ్చు. అందుకే ముందు ఫొటో సరిగ్గా తీయాలి, తర్వాత గుర్తులు చదవాలి.

లేబుల్ సాధారణంగా మెడ వెనకో, ఎడమ పక్క లోపలి కుట్టు దగ్గరో ఉంటుంది. ఒకదాని మీద ఒకటి రెండు మూడు పట్టీలు కుట్టి ఉంటే అన్నిటికీ, రెండు వైపులా ఫొటో తీయండి. దేనితో నేసిందో ఒక పట్టీ మీద, ఉతికే గుర్తులు ఇంకో పట్టీ మీద ఉండటం మామూలే. బట్టను కిటికీ పక్కన బల్ల మీద పరచి, లేబుల్‌ని వేళ్లతో చదును చేసి, దాని కింద తెల్ల కాగితం ఒకటి పెట్టండి. కాగితం లేకపోతే పలుచటి లేబుల్ గుండా వెనక ముద్రణ కనిపించి గుర్తుల మీద లేని గీతలు ఉన్నట్టు అనిపిస్తుంది. ఫ్లాష్ వేయవద్దు. చాలా లేబుళ్లు నిగనిగలాడే శాటిన్ పట్టీలు, ఆ వెలుగుకి సగం గుర్తులు తెల్లగా మాయమైపోతాయి. ఫోన్‌ని మరీ దగ్గరికి తెస్తే ఫోకస్ కుదరదు. ఒక జానెడు దూరంలో పట్టుకుని, గుర్తుల మీద వేలితో తాకి ఫోకస్ చేసి తీసి, ఆ తర్వాత ఫొటోను పెద్దది చేసి చూడండి.

పెద్దది చేశాక మొదట చూడాల్సింది లేబుల్ తలకిందులుగా ఉందేమో. తొట్టి బొమ్మలో అలల గీత పైన ఉండాలి, ఇస్త్రీ పెట్టె అడుగు కింద ఉండాలి. ఇది చూసుకోకపోతే తొట్టి కింది గీత పక్క గుర్తుదనిపిస్తుంది.

ఇక ఆకారాలు అయిదే. నీళ్ల తొట్టి ఉతకడానికి, త్రిభుజం బ్లీచింగ్‌కి, చతురస్రం ఆరబెట్టడానికి, ఇస్త్రీ పెట్టె ఇస్త్రీకి, గుండ్రం బట్టలు శుభ్రం చేసే దుకాణానికి. దేని మీదనైనా ఇంటూ గుర్తు వేసి ఉంటే ఆ పని చేయకూడదు. ప్రతి గుర్తూ ఆ బట్ట తట్టుకోగల గరిష్ఠ హద్దును చెబుతుంది. అంటే 30 అని ఉంటే అంతకన్నా చల్లటి నీళ్లలో ఉతకవచ్చు, వేడి నీళ్లలో మాత్రం కాదు.

ఒక లేబుల్‌ని దగ్గర పెట్టుకుని చూద్దాం. నూటికి నూరు పాళ్లు ఉన్నితో చేసిన స్వెటర్. ఫొటోలో ఎడమ నుంచి కుడికి ఇలా కనిపిస్తున్నాయి: 30 అని రాసిన తొట్టి, దాని కింద ఒక మందపాటి గీత, ఇంటూ వేసిన త్రిభుజం, లోపల గుండ్రం ఉన్న చతురస్రం, దాని మీద ఇంటూ, లోపల అడ్డగీత ఒకటి ఉన్న మరో చతురస్రం, రెండు చుక్కల ఇస్త్రీ పెట్టె, P అక్షరం ఉన్న గుండ్రం, కింద ఒక గీత.

ఇందులో అనుమానించాల్సింది తొట్టి కింది మందపాటి గీతనే. ఒక గీత అంటే మెషిన్‌లో కాస్త మెల్లగా తిప్పాలని, రెండు గీతలు అంటే చాలా మెల్లగా, ఉన్ని బట్టల ప్రోగ్రామ్‌లో వేయాలని అర్థం. మసక ఫొటోలో రెండు గీతలు కలిసిపోయి ఒకే లావు గీతలా కనబడతాయి. తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. అదే ఫొటోలో గుండ్రం కింద ఉన్న గీతతో పోల్చండి. తొట్టి కిందిది దానికన్నా స్పష్టంగా లావుగా ఉంటే అవి రెండు గీతలే. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ పెంచితే మధ్య సందు కనిపించవచ్చు. అప్పటికీ తేలకపోతే ఉన్నికి రెండు గీతలనే అనుకుని ఉతకండి. మరీ మెల్లగా ఉతికితే మహా అయితే మరక మిగులుతుంది, మళ్లీ ఉతుక్కోవచ్చు. గట్టిగా ఉతికితే స్వెటర్ తిరిగి రాదు.

ఎందుకు తిరిగి రాదంటే, ఉన్ని పోగు పైన చేప పొలుసుల్లాంటి పొరలు ఉంటాయి. తడిసినప్పుడు అవి కాస్త లేస్తాయి. ఆ స్థితిలో రాపిడి తగిలితే పోగులు ఒకదానిలోకి ఒకటి దూరి, పొలుసులు చిక్కుకుని వెనక్కి రాలేవు. వేడి, ఎక్కువ నురగపెట్టే ఘాటు సబ్బు దీన్ని ఇంకా తొందర చేస్తాయి. స్వెటర్ చిన్నదై, మందమై, అల్లిక గడులు కనబడకుండా అట్టకట్టిపోతుంది. లాగితే సాగదు. వేడి నీళ్లలో ఉంచినందుకన్నా తిప్పి రుద్దినందుకే ఎక్కువ నష్టం, అందుకే 30 అనే అంకె ఎంత ముఖ్యమో కింది గీతలూ అంతే ముఖ్యం.

మిగతా గుర్తుల్లో ఇంటూ వేసిన త్రిభుజం ఉన్నికీ పట్టుకీ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. క్లోరిన్ బ్లీచ్ ఈ రెండు పోగుల్నీ కరిగించేస్తుంది. గుండ్రం ఉన్న చతురస్రం వేడి గాలితో ఆరబెట్టే డ్రయ్యర్‌ది, దాని మీద ఇంటూ ఉంది కాబట్టి అటు వెళ్లకూడదు. చతురస్రంలో అడ్డగీత ఉంటే బల్లపరుపుగా పరచి ఆరేయాలి, నిలువుగీత ఉంటే తాడు మీద వేయవచ్చు. అదే గీత రెండుసార్లు ఉంటే పిండకుండా, నీళ్లు కారుతుండగానే ఆరేయాలి. ఎడమ పై మూలన చిన్న ఏటవాలు గీతలు ఉంటే నీడలో. ఈ మూల గీతలు ఫొటోలో లేబుల్ ముడతలా కనిపించి తప్పిపోతుంటాయి, వెతికి చూడండి.

పై స్వెటర్‌ని మెషిన్‌లో వేస్తే: ఉన్ని ప్రోగ్రామ్, 30 డిగ్రీలు, తిరగేసి వల సంచిలో పెట్టి, డ్రమ్ము సగం కూడా నిండకుండా. స్పిన్ 600 చాలు. చేత్తో ఉతికితే బకెట్‌లో ఎనిమిది పది లీటర్ల నీళ్లు తీసుకుని, చేయి పెడితే వెచ్చగానూ చల్లగానూ అనిపించని వేడి ఉండేలా కలుపుకోండి. ఉన్ని, పట్టు కోసమని రాసి ఉన్న ద్రవ డిటర్జెంట్‌నే సీసా మీద చెప్పినంత వేసి బాగా కలిసేదాకా తిప్పండి. మామూలు పొడుల్లో క్షారం ఎక్కువ. పైగా చాలావాటిలో ప్రొటియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మాంసకృత్తుల మరకల్ని విడగొట్టడానికి వేసేది. ఉన్ని, పట్టు కూడా మాంసకృత్తులే కాబట్టి బట్టనే కొరుకుతుంది. ఒక్క ఉతుకుకి తెలియదు, కొన్నిసార్లు వాడాక బట్ట పలచబడి, చిరుగు పడ్డాక తెలుస్తుంది.

స్వెటర్‌ని ముంచి అయిదు నుంచి పది నిమిషాలు ఉంచి, అరచేతితో మెల్లగా నొక్కుతూ వదలండి. రుద్దకూడదు, మెలితిప్పకూడదు. తడిసిన ఉన్ని బరువుకి సాగిపోతుంది కాబట్టి భుజాలు పట్టి ఎత్తకుండా రెండు చేతులతో కింద నుంచి ఎత్తండి. జాడించే నీళ్లు కూడా అంతే వేడిలో ఉండాలి. నురగ పోయాక పొడి తువ్వాలు మీద పరచి, చాపలా చుట్టి పైనుంచి నొక్కితే నీళ్లు తువ్వాలుకి పోతాయి. ఆ తర్వాత ఇంకో తువ్వాలు మీద అసలు ఆకారానికి సర్ది, రేడియేటర్‌కి దూరంగా ఆరనివ్వండి.

పట్టు చొక్కా లేబుల్ మీద తొట్టిలో చెయ్యి బొమ్మ ఎక్కువగా కనిపిస్తుంది. దానర్థం చేత్తోనే ఉతకాలని, నీళ్లు 40 డిగ్రీలు దాటకూడదని. పట్టుకి నా మాట 30 లోపే. మెషిన్ మీద కూడా ఇదే బొమ్మతో ఒక ప్రోగ్రామ్ ఉంటుంది, కానీ తడిసిన పట్టు పోగు బలం తగ్గుతుంది, డ్రమ్ములో జిప్పుకో హుక్కుకో తగిలితే పోగు లేస్తుంది. చెయ్యి బొమ్మ ఉంటే చేత్తోనే ఉతకడం మేలు. ముందు రంగు చూసుకోండి: లోపలి కుట్టు మడత దగ్గర తడిపిన తెల్ల గుడ్డను ఒక నిమిషం అదిమి పట్టండి. రంగు అంటితే ఇంట్లో ఉతకవద్దు. అంటకపోతే మూడు నిమిషాలకు మించి నానబెట్టకుండా ఉతికి, చల్లగా జాడించి, తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో ఆరేయండి. ఎండ తగిలితే పట్టు పసుపెక్కుతుంది. ఇస్త్రీ పెట్టెలో ఒక చుక్క ఉంటే అన్నిటికన్నా తక్కువ వేడి అని అర్థం. బట్ట కొంచెం చెమ్మగా ఉండగా తిరగేసి ఇస్త్రీ చేయండి. పూర్తిగా ఆరిన పట్టు మీద నీళ్లు చిలకరిస్తే చుక్కచుక్కలుగా మచ్చలు మిగులుతాయి.

తొట్టి మీద ఇంటూ ఉంటే చేత్తో కూడా ఉతకకూడదు. కోటుల్లో ఇది తరచుగా ఉంటుంది. పైబట్ట ఒక తీరున, లోపలి అస్తరు ఇంకో తీరున ముడుచుకుని, అంచులు ఉబ్బి నిలవవు. కానీ ఫొటోలో నిజం ఇంటూనో కాదో చూడండి. నిజమైన ఇంటూలో రెండు గీతలూ గుర్తు మధ్యలో కలుస్తాయి, మందం సమానం. ఒకే గీత ఉంటే, లేదా గీత లేబుల్ అంచు దాకా పోతుంటే అది దారమో మడతో.

అమెరికా లేబుళ్ల మీద తొట్టిలో అంకెకు బదులు చుక్కలు ఉండవచ్చు. ఒక చుక్క 30 డిగ్రీలు, రెండు 40. అక్కడి మెషిన్ మీద ఒక చుక్కకి చల్లనీళ్ల మీటే సరైనది. జపాన్‌లో 2016 డిసెంబర్ నుంచి ఈ అంతర్జాతీయ గుర్తులే వాడుతున్నారు. అక్కడ కొన్న పాత బట్ట మీద తొట్టికి బదులు వాషింగ్ మెషిన్ బొమ్మ, ఆరబెట్టడానికి చొక్కా బొమ్మ కనిపిస్తే అది పాత పద్ధతి. పై అయిదు ఆకారాలతో దాన్ని చదవబోవద్దు.

గుండ్రంలో ఉండే P, F, W అక్షరాలు మీ కోసం కాదు, శుభ్రం చేసేవారి కోసం. P, F డ్రైక్లీనింగ్‌లో ఏ ద్రావకాలు వాడవచ్చో చెబుతాయి, W దుకాణంలో నీళ్లతో చేసే ప్రత్యేక పద్ధతి. W చూసి ఇంట్లో ఉతకవచ్చనుకోవద్దు. గుండ్రం కింద గీత ఉంటే మెల్లగా చేయాలని. దుకాణంలో బట్ట ఇచ్చేటప్పుడు ఆ ఫొటోనే తెరిచి చూపించండి. భాష రాకపోయినా ఆ గుర్తు వాళ్లకి అర్థమవుతుంది. లేబుల్ అరిగిపోయినా గుర్తులు ఫోన్‌లో ఉంటాయి కాబట్టి, బట్ట కొన్న రోజే ఫొటో తీసి పెట్టుకోండి.