పద్యంలో “నేను” ఎవరు? కవినీ, మాట్లాడే మనిషినీ వేరు చేసి చూడటం ఎలా?

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ వైపు పెరిగిన తెలుగు పిల్లలకు కవిత్వం రెండు భాషల్లో దొరుకుతుంది. ఇంట్లో తెలుగు పాట, బడిలో మరాఠీ భక్తిపాట అయిన అభంగం. అయినా పరీక్షలో “ఈ కవితలో నేను అన్నది ఎవరు?” అని అడిగితే, ఏ భాషలోనైనా చాలామంది కవి పేరే రాసేస్తారు. కొన్నిసార్లు అది సరిపోతుంది, చాలాసార్లు అక్కడే పద్యం చేజారిపోతుంది. దీనికి మా వైపు అందరికీ తెలిసిన ఒక పాటనే తీసుకుని, వరుసగా ఏం చూడాలో చెప్తాను.

పాట ఏకనాథుడి భారుడ్. భారుడ్ అంటే కీర్తనలో వేషం కట్టి, అభినయించి పాడే పాట, పైకి ఊరి ముచ్చటలా ఉండి లోపల ఇంకో అర్థం పెట్టుకుంటుంది. ఏకనాథుడు పదహారో శతాబ్దంలో పైఠణ్‌లో ఉన్న మగమనిషి, భార్యాబిడ్డలతో కాపురం చేసిన గృహస్థు. పాట ఇలా మొదలవుతుంది: “సత్వర్ పావ్ గే మలా, భవానీ ఆయీ, రోడగా వాహీన్ తులా.” తొందరగా నన్ను కరుణించు భవానీ తల్లీ, నీకు రోడగా నైవేద్యం పెడతాను అని. రోడగా అంటే నిప్పుల్లో కాల్చే దళసరి గోధుమ రొట్టె. ఇక ఆ తర్వాత కోరికలు వస్తాయి. మామ ఊరెళ్ళాడు, అక్కడే పోనివ్వు. అత్త రాచి రంపాన పెడుతోంది, త్వరగా తీసుకుపో. తోడికోడలు నోటికొచ్చినట్టు మాట్లాడుతుంది, దాని తల బోడి చెయ్యి. ఆడబిడ్డ కొడుకు ఊరికే ఏడుస్తాడు, వాడికి గజ్జి పట్టనివ్వు. పాడేచోటును బట్టి మాటలు కొంచెం మారతాయి కానీ వరుస ఇదే.

మొదట కవి పేరు మూసెయ్యండి

నిజంగానే చేత్తో మూసెయ్యండి, లేదా పేరు లేకుండా ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత “నేను” తన గురించి తాను ఏమేం చెప్పుకుందో అంతవరకే పక్కన రాయండి. ఈ పాటలో అయితే అత్తమామలు ఉన్న మనిషి, తోడికోడలు ఉంది, ఆడబిడ్డ ఉంది, ఉమ్మడి కుటుంబంలో నలుగుతోంది, దేవతకు మొక్కుకుంటోంది. అంటే కోడలు. ఏకనాథుడు కాదు. పేరు ముందే చూస్తే ఏమవుతుందంటే, కవి గురించి మనకు తెలిసిందంతా ఆ “నేను”కి తగిలించేస్తాం, ఆ తర్వాత పద్యంలో సరిపోని మాట కనిపించినా కళ్ళు దాన్ని దాటేస్తాయి.

ఇలాంటి ఆధారాలన్నీ ఒకే బరువుతో ఉండవు. “తోడికోడలు” అన్న మాట గట్టి ఆధారం, ఎందుకంటే పెళ్ళయిన స్త్రీకి తప్ప ఇంకెవరికీ తోడికోడలు ఉండదు. దేవతకు మొక్కుకోవడం బలహీనమైన ఆధారం, అది ఎవరైనా చేస్తారు. బలమైనవాటి కింద గీత గీసి పెట్టుకోండి.

తెలుగులో క్రియ సాయం చెయ్యదు, నామవాచకాన్ని పట్టుకోండి

ఇది తెలుగువాళ్ళం ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిన చోటు. మరాఠీలో వెళ్తున్నాను అనడానికి మగవాడైతే “మీ జాతో” అంటాడు, ఆడమనిషైతే “మీ జాతే” అంటుంది, మాట్లాడేది ఎవరో క్రియలోనే తెలిసిపోతుంది. తెలుగులో “నేను వెళ్తున్నాను” అంటే ఎవరైనా కావచ్చు. ఖాళీ కనిపించగానే మనం ఏం చేస్తామంటే, కింద ఉన్న కవి పేరు చూసి ఆ ఖాళీని నింపేస్తాం, కవి మగాడైతే “నేను” కూడా మగాడే అనేసుకుంటాం. అలా అని మరాఠీలో ప్రతి క్రియా చెప్పదు, “చూశాను” లాంటి భూతకాలపు క్రియలు కొన్ని, చూసిన వస్తువుని బట్టి మారతాయి తప్ప చూసిన మనిషిని బట్టి కాదు.

అందుకని తెలుగు పద్యంలో ముందు “వాణ్ణి”, “దాన్ని”, “రాలిని” అని ముగిసే మాటలు వెతకండి: పేదవాణ్ణి, ఒంటరిదాన్ని, అభాగ్యురాలిని లాంటివి. అవి లేకపోతే బంధుత్వాలు చూడండి. ఉదాహరణకి నేనే రాసిన ఈ నాలుగు పాదాలు చదవండి, కింద ఒక మగ పేరు ఉందనుకోండి:

గోదావరి దాటి పుట్టింటికి పోయే బస్సు
ఇవాళ కూడా వెళ్ళిపోయింది
పత్తి ఏరుతూ నేను దుమ్మే చూశాను
అమ్మకు ఇంకా చెప్పలేదు

చూశాను, చెప్పలేదు అన్న క్రియల్లో ఏమీ తెలియదు. పత్తి ఆడవాళ్ళూ ఏరతారు, మగవాళ్ళూ ఏరతారు. “పుట్టింటికి” అన్న ఒక్క మాట తేల్చేస్తుంది, ఆమె పెళ్ళయి అత్తవారింట్లో ఉంది. ఆ మాట తీసేసి “ఊరికి” అని పెట్టి మళ్ళీ చదవండి, వెంటనే ఒక కుర్రాడు కనిపిస్తాడు. ఒక మాట మార్చి చూడటం మంచి పరీక్ష, ఏ మాట మారిస్తే మనిషే మారిపోతాడో ఆ మాట మీదే మీ జవాబు నిలబడాలి.

ఎవరితో అంటోంది, ఏం కావాలని అంటోంది?

“నేను” ఎవరో తెలిసిన తర్వాత “నువ్వు” ఎవరో చూడాలి. కోడలు మాట్లాడుతున్నది భవానీతో, మనతో కాదు, మనం పక్కన నిలబడి వింటున్నాం. మనిషి వినేవాళ్ళని బట్టి మాట మారుస్తుంది కదా, అత్త ఎదుట ఇదే కోడలు ఈ మాటలు అనదు.

ఇప్పుడు ఆమె ఏం కోరుతోందో, పాట ఏం చేస్తోందో రెండూ పక్కపక్కన పెట్టండి. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. తోడికోడలి తల బోడి చెయ్యమంది, అంటే ఆమెను విధవను చెయ్యమంది, అంటే భర్త అన్నో తమ్ముడో చావాలి. కోపంలో ఉన్న కోడలు ఆ లెక్క వేసుకుని అన్నట్టు కనపడదు, తోడికోడలి నోరు పడిపోవాలన్నదే ఆమె బాధ. కానీ పాట కట్టినవాడు లెక్క వేశాడు, ఒక్కో చరణానికీ ఇంట్లో ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతున్నాడు. చివరికి “దాదలా మారూన్ ఆహుతీ దేఈన్, మోకళీ కర్ గే మలా” అంటుంది, భర్తనే చంపి ఆహుతి ఇస్తాను, నన్ను విడిపించు అని. అప్పుడు ఇల్లు ఖాళీ అయిపోయింది.

మాట్లాడే మనిషికి తెలియనిది, పద్యానికి తెలిసినది ఏదో ఒకటి దొరికితే, కవి నిలబడిన చోటు అదే. కోడలికి అత్తింటి పోరు వదిలితే చాలు. కవికి బంధాలన్నీ ఒక్కొక్కటిగా తెగిపోవడం కావాలి, భక్తులు ఈ పాటను వైరాగ్యం పాటగా పాడుకునేది అందుకే. రెండిట్లో ఒకటే అసలు అర్థమని రెండోదాన్ని కొట్టేయకండి. కోడలి ఉక్రోషం నిజమైనదిగా వినిపించకపోతే వైరాగ్యం కూడా పండదు, ఆమెను ఒట్టి గుర్తుగా మార్చేసి చదివేవాళ్ళు పాటలో సగం పోగొట్టుకుంటారు.

ముద్ర దగ్గర ఆగండి

పాత పాటల్లో చివర కవి పేరో, కవి వాడే గుర్తో వస్తుంది, దాన్ని ముద్ర అంటాం. ఈ పాట చివరి చరణం: “ఏకా జనార్దనీ సగళేచి జాఊ దే, ఏకలీచ్ రాహూ దే మలా.” అందరూ పోనీ, నన్ను ఒంటరిగా ఉండనీ. “ఏకా జనార్దనీ” ఏకనాథుడి ముద్ర, గురువు జనార్దనస్వామి పేరుతో తన పేరు కలిపి పెట్టుకున్నది. అదే చరణంలో “ఏకలీ” అన్నది స్త్రీలింగం, మగవాడు తన గురించి అయితే “ఏకలా” అంటాడు. ఒకే చరణంలో మగకవి సంతకం, ఆడమనిషి గొంతు రెండూ ఉన్నాయి, సంతకం పెట్టినా కవి ఆమె గొంతును లాక్కోలేదు.

ముద్ర కనిపిస్తే మాట్లాడేది కవే అని రాసెయ్యడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. క్షేత్రయ్య పదాల్లో “మువ్వగోపాల” అని వస్తుంది, అది దేవుడి పేరు, మాట్లాడే నాయికకు అతను ప్రియుడు. కట్టింది మగకవి, చాలా పదాల్లో పలికేది స్త్రీ, ముద్రలో ఉన్నది ఆమె వలచినవాడి పేరు. మూడు వేరువేరు.

ఒక్కోసారి పద్యం మధ్యలో గొంతు చేతులు మారుతుంది కూడా. కరుణశ్రీ “పుష్పవిలాపం”లో మొదట “నేను” పూలు కోయబోయిన మనిషి, తర్వాత “మా ప్రాణము తీతువా” అంటూ పూలు మాట్లాడతాయి. “అనుచు”, “అని” లాంటి మాటల దగ్గర గీత పెట్టుకుంటూ చదివితే ఎవరి మాట ఎక్కడ మొదలైందో తప్పిపోదు.

జీవితాన్ని చివర్న తీసుకురండి

ఇప్పుడు పేరు మీద నుంచి చెయ్యి తీసి, కవి గురించి తెలిసినది పద్యం పక్కన పెట్టండి. ఏకనాథుడి దగ్గర రెండూ కలవవు, విషయం తేలిపోయింది. తుకారాం దగ్గర అంత తేలిక కాదు. ఒక అభంగంలో ఆయన వ్యాపారం చేశానని, కరువులో డబ్బూ పరువూ పోయాయని, ఒక భార్య అన్నం అన్నం అంటూ చనిపోయిందని చెప్పుకుంటాడు. 1630 నుంచి దక్కన్‌లో ఘోరమైన కరువు వచ్చిందన్నది చరిత్ర. ఇక్కడ “నేను” తుకారామే అనడానికి పద్యం లోపలా బయటా కూడా ఆధారం ఉంది, కవి వేరు మాట్లాడే మనిషి వేరు అన్న సూత్రాన్ని మొండిగా పట్టుకుని దీన్ని కూడా కల్పిత పాత్రగా చదివితే అన్యాయం. అయితే అదే అభంగంలో ఇంకో సంగతి ఉంది: ఇవి చెప్పకూడదు, కానీ సంతులు, అంటే భక్తులైన పెద్దలు, మీరు అడిగారు కాబట్టి మాట తప్పలేక చెప్తున్నాను అంటాడు. అంటే సంతుల ముందు నిలబడి, వాళ్ళకు ఏది చెప్పాలో ఎంచుకుని చెప్తున్న తుకారాం. జీవితం ఆయనదే, వరుస మాత్రం ఆ సభ కోసం పేర్చినది.

జవాబు రాసేటప్పుడు దీన్ని వాక్యంలోనే చూపించండి. “ఏకనాథుడు అత్త చావు కోరాడు” అని కాకుండా “కోడలు అత్త చావు కోరుతుంది, ఏకనాథుడు ఆ కోరికలను ఒక్కొక్కటిగా పేర్చి ఇల్లంతా ఖాళీ చేయిస్తాడు” అని రాయండి. కోరడం, ఏడవడం, అడగడం లాంటి పనులు మాట్లాడే మనిషికి ఇవ్వండి, పేర్చడం, ఆపడం, ముగించడం లాంటివి కవికి. తుకారాం అభంగం లాంటి వాటికి “తుకారాం తన గురించి చెప్పుకుంటాడు” అని ధైర్యంగా రాసి, ఎందుకు అలా అంటున్నారో ఆధారం కూడా పెట్టండి. పద్యంలోనూ బయటా ఏ ఆధారమూ లేకపోతే ఆయన అనీ ఆమె అనీ రాయకుండా “ఇందులో మాట్లాడే వ్యక్తి” అని రాసి ముందుకు వెళ్ళండి.