కుక్కర్ విజిల్ రాకపోతే నేను చూసే వరుస

మా కుక్కర్ కొన్నాళ్లుగా విజిల్ వేయడం మానేసింది. మూత అంచు నుంచి ఆవిరి బుసబుసమంటూ పోయేది, నీటి చుక్కలు పక్కలకు కారేవి. ఆవిరి ఎక్కడినుంచి పోతోందో చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. అంచు నుంచి పోతే అనుమానం గ్యాస్కెట్ మీదే.

తీసి వేళ్ల మధ్య వంచాను. లోపలి అంచున సన్నటి పగుళ్లు విచ్చుకున్నాయి, రబ్బరు గట్టిపడి వంచిన చోటే వంగి ఉండిపోయింది. మూతలో పెడితే వదులుగా జారుతోంది. చల్లటి నీళ్లలో వేస్తే కాస్త బిగుస్తుంది గానీ అది ఆ పూటకే. అదే కంపెనీది, అదే సైజుది కొత్తది వేశాను, లీకు ఆగింది.

పనిలో పనిగా వెయిట్ తీసి వెంట్ గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూశాను. రంధ్రం గుండ్రంగా కనిపించలేదు, ఎండిన నురగ సగం మూసేసింది. సన్నటి తీగతో పొడిచి, లోపలి వైపు నుంచి నీళ్లు వదిలాను. ఇది మూసుకుపోవడమే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే అప్పుడు ఆవిరికి మిగిలే దారి సేఫ్టీ వాల్వ్ ఒక్కటే.

మా దాంట్లో ఆ వాల్వ్ మధ్యలో తక్కువ వేడికే కరిగే లోహం ఉంటుంది. అది కరిగి రంధ్రం పడితే వాల్వ్ మార్చాల్సిందే. దాన్ని మరోదానితో పూడ్చి వాడొద్దు, దయచేసి. కొత్తది బిగించే ముందు అది ఎందుకు కరిగిందో చూడండి: నీళ్లు ఇంకిపోయాయా, వెంట్ మూసుకుందా?

ఇప్పుడు గ్యాస్కెట్‌ను కడిగి, ఆరబెట్టి, మూతలో బిగించకుండా విడిగా పెడుతున్నాను.